ఆముదంలో ఉక్కు గుండు: చరమ వేగంపై తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ప్లస్ టూ సైన్స్ చదివే పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. పాఠం ఒడియాలోనో ఇంగ్లిషులోనో విని, రాత్రి ఇంటికొచ్చాక తెలుగులో ఆలోచించుకుంటారు. ల్యాబులో స్నిగ్ధత ప్రయోగం దగ్గర వాళ్లు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఇక్కడ రాశాను. ఉదాహరణ మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒకటే పెట్టుకున్నాను: 2 మి.మీ. వ్యాసం ఉన్న ఉక్కు గుండు, 4 సెం.మీ. లోపలి వ్యాసం ఉన్న పొడవాటి గాజు జాడీ, అందులో 30 డిగ్రీల దగ్గరున్న ఆముదం.

గుండు మీద ఏయే బలాలు పనిచేస్తాయి? అవి ఎంతెంత ఉంటాయి?

మూడు బలాలు. గుండు బరువు కిందికి లాగుతుంది. గుండు పక్కకు నెట్టిన ఆముదం బరువెంతో అంత ఉత్ప్లవన బలం పైకి తోస్తుంది. మూడోది స్నిగ్ధత వల్ల వచ్చే ఈడ్పు. గుండు కిందికి పోతోంది కాబట్టి ఇది కూడా పైకే ఉంటుంది.

న్యూటన్లలో రాస్తే సున్నాలు ఎక్కువై మనసుకు ఎక్కవు. మిల్లీగ్రాముల బరువుగా చూద్దాం. మన గుండు సుమారు 33 మిల్లీగ్రాములు తూగుతుంది. అది పక్కకు నెట్టిన ఆముదం 4 మిల్లీగ్రాములు. అంటే కిందికి మిగిలిన లాగుడు 29 మిల్లీగ్రాముల బరువంత. ఈడ్పు పెరిగి పెరిగి ఈ 29ని అందుకున్న క్షణం నుంచి గుండు వేగం మారదు. ఆ వేగమే చరమ వేగం.

ఈ మూడింటిలో వేగం మీద ఆధారపడేది ఈడ్పు ఒక్కటే. బరువు, ఉత్ప్లవనం గుండు నిలబడి ఉన్నా, పరుగెత్తినా అంతే ఉంటాయి. అందుకే సర్దుబాటు భారం మొత్తం ఈడ్పు మీదే పడుతుంది.

మొత్తం బలం సున్నా అయితే గుండు ఆగిపోవాలి కదా?

వైవాలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బలం సున్నా అయితే ఆగిపోయేది త్వరణం. వేగం అంతకుముందు ఎంత ఉందో అంతే కొనసాగుతుంది. ఇంకో వైపు నుంచి చూడండి: గుండు నిజంగా ఆగిపోతే ఈడ్పు సున్నా అవుతుంది, 29 మిల్లీగ్రాముల లాగుడు అలాగే మిగులుతుంది, దాంతో గుండు మళ్లీ కదలక తప్పదు. పొరపాటున చరమ వేగాన్ని దాటిందనుకోండి, ఈడ్పు 29 కంటే ఎక్కువై వేగాన్ని తగ్గిస్తుంది. ఎటు జరిగినా తిరిగి అదే వేగానికి వస్తుంది.

సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

నెమ్మదిగా కదిలే చిన్న గోళం మీద ఈడ్పు 6πηrv అని జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ 1851లో చూపించాడు. ఆయన అప్పుడు పని చేస్తున్నది గాలిలో ఊగే లోలకాల మీద. ఇక్కడ η ద్రవం స్నిగ్ధత, r గోళం వ్యాసార్ధం, v వేగం. గోళం సాంద్రత ρ, ద్రవం సాంద్రత σ అనుకుంటే, కిందికి మిగిలిన లాగుడు (4/3)πr³(ρ − σ)g అవుతుంది. ఈ రెండూ సమానమని రాస్తే:

v = 2r²(ρ − σ)g / 9η

మన గుండుకు r = 0.001 మీ., ఉక్కు సాంద్రత 7800, ఆముదం సాంద్రత 955 (కి.గ్రా. ప్రతి ఘనపు మీటరుకు), 30 డిగ్రీల దగ్గర ఆముదం η దాదాపు 0.45 పాస్కల్ సెకను. వేగం సెకనుకు 3.3 సెం.మీ. వస్తుంది.

పెద్ద గుండు ఎందుకు అంత త్వరగా పడుతుంది? అన్ని వస్తువులూ ఒకే వేగంతో పడతాయని చదివాం కదా?

అలా చదివింది ఈడ్పు లేని చోట సంగతి. ఇక్కడ వ్యాసార్ధం రెట్టింపు చేస్తే కిందికి లాగే బలం ఎనిమిది రెట్లు అవుతుంది, ఎందుకంటే అది ఘనపరిమాణాన్ని బట్టి పోతుంది. ఒకే వేగం దగ్గర ఈడ్పు రెండు రెట్లే పెరుగుతుంది. ఎనిమిది రెట్ల లాగుడుకి సరితూగాలంటే వేగం నాలుగు రెట్లు కావాలి. r² అక్కడి నుంచే వచ్చింది.

ల్యాబులో దీని పర్యవసానం ఒకటి గుర్తుంచుకోండి. వ్యాసంలో వచ్చే తప్పు η లోకి రెండింతలై చేరుతుంది. 2 మి.మీ. గుండును 2.1 మి.మీ. అని రాసుకుంటే తప్పు 5 శాతమే, కానీ η 10 శాతం చెడుతుంది. స్క్రూగేజి సున్నా దోషం చూడకుండా మొదలుపెట్టేవాళ్లకు జరిగేది ఇదే. గుండును రెండు మూడు దిక్కుల్లో తిప్పి కొలిచి సగటు తీయండి. ఏ దిక్కులో కొలిచినా ఒకే విలువ రాకపోతే ఆ గుండు పక్కన పెట్టేయండి, అది గుండ్రంగా లేదు.

ఉత్ప్లవనాన్ని వదిలేస్తే ఏమవుతుంది? అది ఎటూ 4 మిల్లీగ్రాములే కదా.

ఉక్కుకైతే η 14 శాతం ఎక్కువ వస్తుంది. 7800కు 6845కు ఉన్నంత తేడా చిన్నదిగా కనిపిస్తుందేమో గానీ, ప్రయోగంలో మిగతా తప్పులన్నింటికంటే ఇది పెద్దది కావచ్చు. గాజుపూసతో చేస్తే ఇంకా దారుణం. గాజు సాంద్రత 2500 దగ్గర ఉంటుంది. దాని నుంచి 955 తీసేస్తే మిగిలేది 1545. ఉత్ప్లవనం మరిచిపోతే జవాబు 60 శాతం పైగా తప్పుతుంది.

చరమ వేగం రావడానికి గుండు ఎంత దూరం పడాలి? పై గీతను అంత కిందికి ఎందుకు పెడతారు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే రికార్డుల్లో దీనికి రాసే జవాబు సగమే నిజం. "చరమ వేగం అందుకోవడానికి సమయం ఇవ్వాలి" అని రాస్తారు. ఎంత సమయమో లెక్క వేసి చూద్దాం.

ఆలస్యాన్ని తెలిపే కాలం 2r²ρ/9η. మన అంకెలు పెడితే ఇది సెకనులో వెయ్యింట నాలుగు వంతులు. నిశ్చలం నుంచి వదిలిన గుండు ఇలాంటి నాలుగైదు కాలాల్లో దాదాపు పూర్తి వేగానికి వచ్చేస్తుంది. ఆ లోపు అది పడే దూరం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గుండుతోపాటు చుట్టూ ఉన్న ఆముదం కూడా కదలడం మొదలవ్వాలి కాబట్టి అసలు దూరం ఈ లెక్క కంటే ఎక్కువే, అయినా కొద్ది మిల్లీమీటర్లకు మించదు. కళ్లతో చూసి పట్టుకునే సంగతి కాదది.

మరి పై గీతను ఉపరితలానికి 8, 10 సెం.మీ. కిందికి పెట్టడం ఎందుకు? దానికి వేరే కారణాలు ఉన్నాయి. గుండు ఆముదం పొరను చీల్చుకుని దిగేటప్పుడు కొంత గాలిని వెంట తీసుకుపోతుంది, ఆ గాలి వదిలిపోవాలి. పైన ఉపరితలం, కింద జాడీ అడుగు, రెండూ తమ దగ్గర్లో ద్రవం ప్రవాహాన్ని మారుస్తాయి. అడుగుకు చేరువయ్యేసరికి గుండు నెమ్మదిస్తుంది. ఇక మూడోది మనిషి సంగతి: గుండును చూసి, గీత దాకా కన్ను దానితో నడిపించి, స్టాప్‌వాచ్ నొక్కడానికి మీకు కాస్త వ్యవధి కావాలి. కింది గీత కూడా అడుగు నుంచి 5 సెం.మీ. పైనే ఉండాలి.

మరి గుండు నిజంగా స్థిర వేగంతో పడుతోందని ఎలా తెలుసుకోవాలి?

రెండు గీతలకు బదులు మూడు పెట్టండి, 15 సెం.మీ. చొప్పున. రెండు భాగాలకూ పట్టే సమయం ఒకటే ఉండాలి. చిన్న తేడా మీ చేతి తేడా. ప్రతిసారీ తేడా ఒకే వైపు వస్తుంటే మాత్రం అది ఏదో చెబుతోంది.

కింది భాగానికి ప్రతిసారీ ఎక్కువ సమయం పడుతుంటే జాడీలో పై ఆముదం వెచ్చగా, కిందిది చల్లగా ఉన్నట్టు. కిటికీ ఎండ పడే బల్ల మీద ఇది మామూలే. పొడవాటి కడ్డీతో మెల్లగా కలిపి, బుడగలు పోయేదాకా జాడీని అలాగే వదిలేయండి. ఏదో ఒక్క గుండు మాత్రమే పైభాగంలో నెమ్మదిగా, కింద త్వరగా పడితే దానికి అంటుకున్న గాలిబుడగ మధ్యలో ఊడిపోయి ఉంటుంది. ఆ రీడింగు కొట్టేయండి. గుండును ముందుగా అదే ఆముదంలో ముంచి, శ్రావణంతో పట్టుకుని, ఉపరితలానికి ఆనించి జాడీ నడిమధ్యలో వదిలితే ఈ బుడగ గొడవ దాదాపు ఉండదు.

గీతలు పెన్నుతో గీయకండి. సన్నని కాగితపు పట్టీని జాడీ చుట్టూ పూర్తిగా తిప్పి అంటించండి. ముందు అంచు, వెనక అంచు ఒక్క గీతగా కనిపించే ఎత్తులో కన్ను పెడితే చూపు వాలు వల్ల వచ్చే తప్పు పోతుంది.

లెక్క ప్రకారం 9 సెకన్లు రావాలి. మాకు 10 సెకన్లు ఎందుకు వస్తోంది?

జాడీ గోడ వల్ల. స్టోక్స్ లెక్కలో ద్రవం నాలుగు వైపులా అంతు లేకుండా పరచుకుని ఉంటుంది. మన జాడీలో గుండు కిందికి దిగితే ఆముదం పక్కలనుంచి పైకి రావాలి, గోడ దానికి అడ్డం. గుండు వ్యాసార్ధం జాడీ వ్యాసార్ధంలో ఇరవయ్యో వంతే కదా, ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ ఈ ప్రభావం చాలా దూరం పాకుతుంది. లాడెన్‌బర్గ్ సవరణ ప్రకారం కొలిచిన వేగాన్ని (1 + 2.4 r/R) తో గుణించాలి. R జాడీ లోపలి వ్యాసార్ధం. మనకు r/R = 1/20, కాబట్టి గుణకం 1.12.

ఒక లెక్క పూర్తిగా చూద్దాం. గీతల మధ్య 30 సెం.మీ., సమయం 10.1 సెకన్లు. కొలిచిన వేగం సెకనుకు 2.97 సెం.మీ. సవరించాక 3.33 సెం.మీ. సూత్రంలో పెడితే η = 0.448 పాస్కల్ సెకను. సవరణ చేయకపోతే 0.50 వచ్చి ఉండేది. పట్టికలో 0.45 ఉంది, మాకు 0.50 వచ్చింది, "ప్రయోగ దోషం" అని రాసి వదిలేసే రికార్డులు చాలానే ఉంటాయి. ఆ దోషానికి పేరుంది, దిక్కుంది, కొలత ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోండి.

జాడీ వ్యాసం కొలిచేటప్పుడు వెర్నియర్ లోపలి దవడలు వాడాలి. గాజు మందం కలిపేస్తే సవరణ తక్కువ వస్తుంది.

సైకిల్ షాపులో దొరికే బేరింగ్ బాల్స్ వాడొచ్చా?

తేలిగ్గా దొరుకుతాయి, నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం 4 నుంచి 6 మి.మీ. పైన ఉంటాయి. 4 మి.మీ. బాల్‌కు సూత్రం సెకనుకు 13 సెం.మీ. చెబుతుంది. అంత వేగానికి ద్రవం పొందికగా పక్కకు తప్పుకోదు, దాని జడత్వం కూడా ఎదురు నిలుస్తుంది. దీన్ని చూపే కొలమానం రేనాల్డ్స్ సంఖ్య, అంటే σv(2r)/η. మన 2 మి.మీ. గుండుకు అది 0.14. 4 మి.మీ. బాల్‌కు 1 దాటుతుంది. స్టోక్స్ సూత్రం నమ్మదగ్గది ఈ సంఖ్య 1 కంటే బాగా తక్కువ ఉన్నప్పుడే.

దీనికి గోడ ప్రభావం తోడవుతుంది, ఇక్కడ r/R పదో వంతు. రెండూ కలిసి 4 మి.మీ. బాల్ అసలు వేగం 9, 10 సెం.మీ. దగ్గరే ఉంటుంది, 30 సెం.మీ. దాటడానికి 3 సెకన్ల పైచిలుకు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా 10 సెకన్లలో 2 శాతం, 3 సెకన్లలో దాదాపు 7 శాతం. అంటే పెద్ద బాల్ అన్ని విధాలా నష్టమే.

వేగం ఒక అక్షం మీద, r² ఇంకో అక్షం మీద వేసి గ్రాఫు గీస్తే ఇది కళ్లకు కడుతుంది. చిన్న గుండ్లు సున్నా గుండా పోయే సరళరేఖ మీద ఉంటాయి. పెద్దవి ఒక్కొక్కటీ రేఖ నుంచి కిందికి జారిపోతాయి. అన్ని చుక్కల మధ్యగా బలవంతంగా ఒక గీత లాగితే η ఎక్కువ వస్తుంది. వంగడం మొదలైన చోట ఆపి, అంతకు ముందున్న చుక్కలతోనే వాలు తీయండి.

ఇదే ప్రయోగం నీళ్లతో ఎందుకు చేయరు?

సూత్రంలో నీటి స్నిగ్ధత 0.0008 పెట్టి చూడండి. మన 2 మి.మీ. గుండు వేగం సెకనుకు 18 మీటర్ల పైన వస్తుంది, అంటే గంటకు 65 కిలోమీటర్లు దాటుతుంది. బకెట్‌లో వేసి చూస్తే అసలు వేగం సెకనుకు అర మీటరు పైచిలుకు మాత్రమే. సూత్రం తప్పని కాదు, దాని హద్దు దాటి వాడాం. అక్కడ ఈడ్పు దాదాపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, స్నిగ్ధత పాత్ర చాలా తగ్గిపోతుంది.

జనవరిలో చేసిన సీనియర్ల రీడింగులకూ ఏప్రిల్‌లో మావాటికీ పొంతనే లేదు. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే కావచ్చు. ఆముదం స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 0.99, 30 దగ్గర 0.45, 40 దగ్గర 0.23. పది డిగ్రీలు పెరిగితే సగమైపోతుంది. 30 ప్రాంతంలో ఒక్క డిగ్రీకి 7, 8 శాతం మార్పు. అదే గుండు, అదే 30 సెం.మీ. దూరం: 20 డిగ్రీల ఆముదంలో సుమారు 22 సెకన్లు, 30లో 10, 40లో 5 సెకన్ల పైన.

కోరాపుట్ కొండ మీద చలికాలం ఉదయం ల్యాబు ఒకలా ఉంటుంది, పర్లాకిమిడిలో మే నెల మధ్యాహ్నం ఇంకోలా ఉంటుంది. కాబట్టి ఉష్ణోగ్రత రాయని η విలువకు అర్థం లేదు. థర్మామీటరును గది గోడ మీద చూస్తే చాలదు, ఆముదంలో ముంచి, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. మధ్యలో జాడీని చేతులతో పొదివి పట్టుకోకండి.

గ్లిజరిన్ వాడొచ్చా?

వాడొచ్చు. 30 డిగ్రీల దగ్గర శుద్ధమైన గ్లిజరిన్ స్నిగ్ధత 0.6 దాకా ఉంటుంది, కాబట్టి ఇవే గుండ్లు పనికొస్తాయి. పైగా రంగు లేదు, గుండు స్పష్టంగా కనిపిస్తుంది. చిక్కల్లా అది గాలిలోని తేమను పీల్చుకుని పలచబడుతుంది. వానాకాలంలో మూత లేని జాడీలో వదిలేస్తే మర్నాడు గుండు నిన్నటికంటే త్వరగా పడుతుంది. నేనైతే ఆముదమే మేలంటాను.

గుండ్లు వరసగా వదిలితే టైమ్ కలిసొస్తుంది కదా?

వద్దు. ముందు గుండు కదిలించిన ఆముదంలో వెనక గుండు కాస్త త్వరగా దిగుతుంది. ఒకటి అడుగుకు చేరాక ఇంకోటి వదలండి. గుండ్లు పైకి తీయడానికి జాడీ వంపనక్కర్లేదు, బయటి నుంచి అయస్కాంతంతో గోడ వెంట లాక్కొస్తే చాలు.

వానాకాలం నాగావళి నీళ్లు కుండలో తేరుకోవడానికి ఒక రాత్రి ఎందుకు పడుతుంది? అదీ ఇదేనా?

ఇదే. ఇక్కడ గుండు స్థానంలో మట్టి రేణువు, ఆముదం స్థానంలో నీళ్లు. రేణువు అంత చిన్నది కాబట్టి నీళ్లలో కూడా రేనాల్డ్స్ సంఖ్య చాలా తక్కువ, స్టోక్స్ సూత్రం చక్కగా పనిచేస్తుంది. మట్టి రేణువులు అచ్చమైన గోళాలు కావు కాబట్టి అంకెలను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

మట్టి సాంద్రత 2650 అనుకుందాం. మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే 20 మైక్రాన్ల వ్యాసం ఉన్న ఒండ్రు రేణువు 20 సెం.మీ. లోతు కుండలో ఏడెనిమిది నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. 2 మైక్రాన్ల బంకమన్ను రేణువుకు వ్యాసార్ధం పదో వంతు, వేగం వందో వంతు: గంటకు 1.6 సెం.మీ. అదే లోతు దిగడానికి 12 గంటల పైన పడుతుంది. తెల్లారేసరికి నీళ్లు తేటపడటం అందుకే. ఇక 0.2 మైక్రాన్ల రేణువులకు ఇదే లెక్క యాభై రోజులు చెబుతుంది, కానీ అంత చిన్నవి నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూనే ఉంటాయి, అసలు కుదురుగా దిగవు. రాత్రంతా ఉంచినా పోని పాలిపోయిన మసక వీటి వల్లే.

పటిక తిప్పినప్పుడు, చిల్లగింజ అరగదీసి కలిపినప్పుడు ఈ రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. ముద్దలో నీళ్లు కూడా చిక్కుకోవడం వల్ల దాని సాంద్రత రేణువు కంటే తక్కువ, (ρ − σ) కొంత తగ్గుతుంది. కానీ r వందల రెట్లు పెరిగాక r² ముందు ఆ తగ్గుదల నిలవదు, ముద్ద కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది.